ఒకే చిరునామా, అనేక ఊళ్లు: రూట్ నేమ్ సర్వర్లు మన దగ్గరికి ఎలా వచ్చాయి?

ఒక వీధిలో రెండు ఇళ్లకు ఒకే డోర్ నంబరు ఉంటే ఏమవుతుంది? పోస్ట్‌మన్ తికమకపడతాడు, ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేరుతుంది. అందుకే ఒక నంబరుకు ఒకే ఇల్లు అన్న నియమం పెట్టుకున్నాం. ఇంటర్నెట్‌లో కూడా మొదటినుంచీ ఇదే పద్ధతి. ప్రతి కంప్యూటరుకూ ఒక అంకెల చిరునామా ఉంటుంది, ఆ చిరునామా ఇంకొకరికి ఇవ్వరు.

ఇప్పుడు 192.5.5.241 అనే చిరునామా సంగతి చూడండి. ఈ చిరునామా గల యంత్రం కాలిఫోర్నియాలో ఉంది. చెన్నైలో కూడా ఉంది. ఇంకా ఎన్నో దేశాల్లో ఉంది. ఎవరో పొరపాటున ఇలా పెట్టలేదు, కావాలనే పెట్టారు. మీరు హైదరాబాదు నుంచి ఈ చిరునామాకు ఒక ప్రశ్న పంపితే వీటిలో ఏదో ఒకటి మాత్రమే జవాబిస్తుంది. ఏది జవాబివ్వాలో మీరు చెప్పలేదు, ఆ యంత్రాలూ తమలో తాము మాట్లాడుకోలేదు. మరి ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే ‘ఎనీకాస్ట్’ అనే పద్ధతి మీకు అర్థమైనట్లే. ఆ పద్ధతి ఎందుకు అవసరమైందో ముందుగా చూద్దాం.

పదమూడే ఎందుకు?

మీరు బ్రౌజరులో ఒక వెబ్‌సైట్ పేరు టైపు చేస్తారు. కంప్యూటరుకు కావలసింది పేరు కాదు, అంకెల చిరునామా. పేరును చిరునామాగా మార్చి ఇచ్చే ఏర్పాటును డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తంగా డీఎన్‌ఎస్ అంటారు. 1983లో పాల్ మొకపెట్రిస్ దీనికి రూపకల్పన చేశారు. ఇందులో పేరును కుడినుంచి ఎడమకు చదువుతారు. www.example.in అనే పేరు ఉందనుకోండి. మీ ఇంటర్నెట్ కంపెనీ దగ్గర మీ తరఫున వెతికిపెట్టే సర్వర్ ఒకటి ఉంటుంది. దాన్ని రిజాల్వర్ అంటారు. దానికి ఏమీ తెలియని స్థితిలో అది ముందుగా రూట్ నేమ్ సర్వర్‌ను అడుగుతుంది. రూట్ సర్వర్ ‘నాకు ఆ వెబ్‌సైట్ తెలియదు, in అనే చివర ఉన్న పేర్లన్నీ చూసుకునే సర్వర్లు ఇవి, వాటిని అడుగు’ అని దారి చూపుతుంది. రూట్ సర్వర్ పని అంతవరకే. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోండి, తరువాత ఒక దొంగను పట్టుకోవడానికి ఇదే పనికివస్తుంది.

అయితే రూట్ సర్వర్ల చిరునామాలు రిజాల్వర్‌కు ఎలా తెలుస్తాయి? మొదట్లో తన దగ్గర ఉన్న పాత జాబితాతో మొదలుపెట్టి, ‘ప్రస్తుతం రూట్ సర్వర్లు ఎవరెవరు?’ అని వాటిలో ఒకదాన్ని అడుగుతుంది. ఆ జవాబు ఒకే పొట్లంలో రావాలి. ఆనాటి నిబంధన ప్రకారం అటువంటి పొట్లం 512 బైట్లు దాటకూడదు. ఇక్కడే చిక్కు వచ్చింది. సర్వర్ల పేర్లు పొడవుగా, వేర్వేరుగా ఉంటే పొట్లంలో ఎక్కువ పట్టవు. అందుకని 1995లో వాటన్నింటికీ ఒకే తీరు పేర్లు పెట్టారు: a.root-servers.net, b.root-servers.net, ఇలా. ఉమ్మడిగా ఉన్న భాగాన్ని మళ్లీ మళ్లీ రాయనక్కరలేదు కాబట్టి చోటు మిగిలింది. అదనంగా చేరే ఒక్కో సర్వర్‌కు పేరుకు 15, చిరునామాకు 16, మొత్తం 31 బైట్లు చాలు. పదమూడు సర్వర్ల జాబితా 436 బైట్లు అవుతుంది. ఇంకో రెండు పట్టేవి కానీ, అవసరానికి కొంత చోటు ఉండాలని పదమూడు దగ్గర ఆగారు. 1997 నాటికి ఎ నుంచి ఎం వరకు పదమూడు అక్షరాలూ నిండాయి.

పదమూడు అక్షరాలంటే అప్పట్లో పదమూడు చోట్లు అనే అర్థం. వాటిలో పది అమెరికాలోనే ఉండేవి. మిగిలిన మూడింటిలో ఐ స్టాక్‌హోమ్‌లో, కె లండన్‌లో, ఎం టోక్యోలో ఉండేవి. భారతదేశంలో ఒక్కటీ లేదు. ఆఫ్రికాలో లేదు, దక్షిణ అమెరికాలో లేదు. పొట్లంలో చోటు లేదు కాబట్టి పద్నాలుగో పేరు చేర్చడం కుదరదు. దూరంగా ఉన్నవాళ్లు దూరంగానే ఉండిపోవాల్సిందేనా అన్నది అప్పటి సమస్య.

2002 అక్టోబరు 21

సమస్య ఉన్నంతమాత్రాన వెంటనే పరిష్కారం రాదు. ఒక దెబ్బ తగలాలి. 2002 అక్టోబరు 21న ఎవరో పదమూడు రూట్ సర్వర్ల మీద ఒకేసారి పనికిరాని సమాచారాన్ని కుమ్మరించారు. గంటకు పైగా ఇది సాగింది. ఒక్కో సర్వర్ మీద సెకనుకు 50 నుంచి 100 మెగాబిట్ల ట్రాఫిక్ వచ్చి పడింది. ఈ రోజున ఒక ఇంటి ఫైబర్ కనెక్షన్ అంత వేగం ఇస్తుంది. కానీ ఆనాటి లింకులకు అది భారమే. కొన్ని సర్వర్లు ప్రపంచంలోని చాలా ప్రాంతాలకు అందకుండా పోయాయి. సర్వర్ యంత్రం పనిచేస్తూనే ఉంది, దాని దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోయింది.

మామూలు జనానికి ఈ దాడి తెలియనే లేదు. దానికి కారణం అదృష్టం కాదు. రూట్ సర్వర్ ఇచ్చే జవాబును రిజాల్వర్ రెండు రోజులపాటు దాచుకుని వాడుకోవచ్చు. గంట సేపు రూట్ అందకపోయినా దాచుకున్న జవాబులతో బండి నడుస్తుంది. కానీ దాడి గంటతో ఆగకుండా మూడు రోజులు సాగితే? ఈ ప్రశ్నే రూట్ సర్వర్లు నడిపేవాళ్లను కదిలించింది.

పరిష్కారం అప్పటికే కాగితం మీద ఉంది. 1993లో పార్ట్‌రిడ్జ్, మెండెజ్, మిల్లికెన్ అనే ముగ్గురు ఒక పత్రం రాశారు. ఒకే రకం సేవను చాలా యంత్రాలు ఇస్తున్నప్పుడు అన్నింటికీ ఒకే చిరునామా ఇచ్చి, వాటిలో ఏదో ఒకదానికి, వీలైతే దగ్గరి దానికి, ప్రశ్నను చేరవేయవచ్చు అన్నది అందులోని ఆలోచన. దానికి వాళ్లు పెట్టిన పేరే ఎనీకాస్ట్. 2002 ఏప్రిల్‌లో టెడ్ హార్డీ రాసిన మరొక పత్రం ఈ పద్ధతిని నేమ్ సర్వర్లకు ఎలా వాడాలో చెప్పింది. దాడి జరిగిన మరుసటి నెలలో, అంటే 2002 నవంబరులో, ఎఫ్ రూట్‌ను నడిపే ఐఎస్‌సీ సంస్థ దీన్ని ఆచరణలో పెట్టింది. పేర్లు పదమూడే, చిరునామాలు పదమూడే. చోట్లు మాత్రం ఎన్నయినా ఉండవచ్చు. 512 బైట్ల గోడను పగలగొట్టకుండా దాని పక్కనుంచి దారి తీశారన్నమాట.

దారి ఎవరు ఎంచుతారు?

చాలాకాలం మనం పోలీసు సహాయానికి 100 నంబరుకు ఫోన్ చేసేవాళ్లం. అప్పట్లో విజయవాడలో చేస్తే విజయవాడలో ఎత్తేవారు, వరంగల్‌లో చేస్తే వరంగల్‌లో ఎత్తేవారు. నంబరు ఒకటే. కాల్‌ను ఎటు పంపాలో మీ ఫోన్ నిర్ణయించేది కాదు, మధ్యలో ఉన్న ఎక్స్ఛేంజి నిర్ణయించేది. ఇంటర్నెట్‌లో ఆ పని చేసేవి రూటర్లు.

ఇంటర్నెట్ అనేది వేలాది స్వతంత్ర నెట్‌వర్కుల కూడిక. ప్రతి నెట్‌వర్క్‌కు ఒక నంబరు ఉంటుంది. ప్రతి నెట్‌వర్కూ ‘ఈ చిరునామాలు నా దగ్గర ఉన్నాయి’ అని తన పొరుగు నెట్‌వర్కులకు ప్రకటిస్తుంది. పొరుగువాళ్లు తమ నంబరును ముందు చేర్చి తమ పొరుగువాళ్లకు చెబుతారు. ఈ ప్రకటనల భాషను బీజీపీ అంటారు. ఒక ప్రకటన మీ దాకా వచ్చేసరికి దానితోపాటు అది దాటివచ్చిన నెట్‌వర్కుల నంబర్ల వరుస కూడా వస్తుంది. ఎఫ్ రూట్ చేసే పని ఏమిటంటే, 192.5.5.0 నుంచి 192.5.5.255 వరకు ఉన్న చిరునామాల గుంపును ఒక చోటినుంచి కాక అనేక చోట్లనుంచి ప్రకటించడం. రూటర్‌కు ఇందులో వింత ఏమీ కనిపించదు. ఒకే ఊరికి నాలుగు దారులు ఉన్నట్లుగానే అది భావిస్తుంది. ఆ నాలుగు దారుల చివర నాలుగు వేర్వేరు యంత్రాలు ఉన్నాయని దానికి తెలియదు, తెలియనక్కరలేదు.

ఉదాహరణకు హైదరాబాదులోని ఒక ఇంటర్నెట్ కంపెనీని తీసుకుందాం. దాని రూటర్‌కు ఈ గుంపు గురించి రెండు ప్రకటనలు వచ్చాయనుకుందాం. ఒకటి చెన్నైలోని ఎక్స్ఛేంజి ద్వారా వచ్చింది, వరుసలో రెండు నంబర్లున్నాయి. రెండోది విదేశీ కేబుల్ కంపెనీ ద్వారా వచ్చింది, వరుసలో నాలుగు నంబర్లున్నాయి. రూటర్ మొదట చూసేది పొడవును కాదు, తన యజమాని పెట్టిన ప్రాధాన్యాన్ని. విదేశీ కంపెనీకి పంపే ప్రతి మెగాబిట్‌కూ డబ్బు కట్టాలి. ఎక్స్ఛేంజిలో ఇచ్చిపుచ్చుకోవడం చవక. కాబట్టి చెన్నై దారికే ప్రాధాన్యం ఉంటుంది. ప్రాధాన్యాలు సమానమైతే అప్పుడు వరుస పొడవు చూస్తుంది, అక్కడా చెన్నైదే గెలుపు. ప్రశ్న చెన్నైకి వెళుతుంది.

దీనివల్ల లాభమెంతో లెక్క కట్టవచ్చు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. హైదరాబాదు నుంచి కాలిఫోర్నియాకు నేరుగా గీత గీస్తే సుమారు 13,500 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 27,000 కిలోమీటర్లు, అంటే కనీసం 135 మిల్లీసెకన్లు. సముద్రంలో కేబుల్ నేరుగా వెళ్లదు కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువే పడుతుంది. చెన్నై సుమారు 520 కిలోమీటర్ల దూరం. వెళ్లి రావడానికి 5 మిల్లీసెకన్లు, తీగ వంకర్లతో కలిపినా పది పదిహేను.

ఈ లెక్కలో మీరు గమనించాల్సిన మాట ఒకటుంది. రూటర్ ఎక్కడా కిలోమీటర్లు చూడలేదు. డబ్బు చూసింది, నెట్‌వర్కుల సంఖ్య చూసింది. చెన్నై దగ్గర కావడం, ఆ దారి చవక కావడం ఇక్కడ కలిసివచ్చాయి. ఎప్పుడూ కలిసిరావు.

చెన్నై, ముంబయి, ఢిల్లీ

మన దేశంలో 2003 వరకు ఇంటర్నెట్ కంపెనీలు కలుసుకునే ఉమ్మడి కూడలి లేదు. ఒక కంపెనీ ఖాతాదారు పంపిన మెయిల్ అదే నగరంలోని మరో కంపెనీ ఖాతాదారుకు అందాలంటే అది విదేశానికి వెళ్లి తిరిగివచ్చిన సందర్భాలుండేవి. ఆ సంవత్సరం నిక్సీ అనే సంస్థ ఏర్పడి నగరాల్లో ఎక్స్ఛేంజిలు తెరిచింది. తరువాతి కాలంలో హైదరాబాదులోనూ ఒకటి వచ్చింది. 2005 ఆగస్టులో నిక్సీ ఆధ్వర్యంలో మూడు రూట్ సర్వర్ల ప్రతులు మన దేశంలో మొదలయ్యాయి. చెన్నైలో ఎఫ్, ముంబయిలో ఐ, ఢిల్లీలో కె.

‘ప్రతి’ అనే మాట ముఖ్యం. రూట్ సర్వర్ దగ్గర ఉండేది ఒక జాబితా మాత్రమే, అది అన్ని చోట్లా ఒకటే. చెన్నైలోని ఎఫ్ ఆ జాబితాను చదివి వినిపిస్తుంది, మార్చలేదు. అప్పట్లో కొన్ని పత్రికలు ‘ఇంటర్నెట్ తాళంచెవి మన చేతికి వచ్చింది’ అనే ధోరణిలో సంతోషించి ఉంటే అది సరైన సంతోషం కాదు. వచ్చింది తాళంచెవి కాదు, నోటీసుబోర్డు నకలు.

మరి నకలు వల్ల మనకు ఒరిగిందేమిటి? నిజాయితీగా చెప్పాలంటే మీ వెబ్‌పేజీ రూట్ సర్వర్ వల్ల పెద్దగా వేగం పుంజుకోదు. రిజాల్వర్ జవాబును రెండు రోజులు దాచుకుంటుందని చెప్పుకున్నాం కదా. రోజంతా మీరు చేసే క్లిక్కుల్లో రూట్ దాకా వెళ్లేవి చాలా తక్కువ. అసలు లాభం కేబుల్ తెగినప్పుడు తెలుస్తుంది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు కేబుళ్లు తెగాయి. పడమటి దిక్కుగా వెళ్లే మన ఇంటర్నెట్ సామర్థ్యంలో చాలా భాగం ఒక్కసారిగా పోయింది. అటువంటి రోజున రూట్ జవాబు దేశంలోనే దొరకడం, in పేర్ల సర్వర్లు కూడా దేశంలోనే ఉండడం వల్ల, ఒక భారతీయుడు ఒక భారతీయ వెబ్‌సైట్‌కు చేరడానికి సముద్రం దాటాల్సిన పని తప్పుతుంది.

ఇక్కడ ఒక షరతు ఉంది. ఎఫ్ రూట్ తన చోట్లను అప్పట్లో రెండు రకాలుగా విభజించింది. కాలిఫోర్నియాలోని పెద్ద కేంద్రాలు ప్రపంచమంతటికీ ప్రకటించేవి. ఇతర దేశాల్లోని చిన్న కేంద్రాలు తమ ప్రకటనకు NO_EXPORT అనే చీటీ తగిలించేవి. ‘ఇది మీకు మాత్రమే, పక్కవాడికి చెప్పవద్దు’ అని ఆ చీటీకి అర్థం. చిన్న కేంద్రం ప్రపంచం మొత్తం భారాన్ని నెత్తిన వేసుకుని కూలిపోకూడదని ఈ జాగ్రత్త. దీని ఫలితం ఏమిటంటే, ఎక్స్ఛేంజిలో చేరిన కంపెనీకి ఆ ప్రకటన వినిపిస్తుంది. చేరని కంపెనీకి అదే వీధిలో ఆఫీసున్నా వినిపించదు, దాని ప్రశ్నలు యథాప్రకారం సముద్రం దాటుతాయి. సర్వర్‌ను తెచ్చి ఊళ్లో పెట్టడం సగం పని, కంపెనీలు తీగలు కలుపుకోవడం మిగతా సగం.

చిలీలో అడిగితే చైనాలో జవాబు

చీటీ లేని ప్రకటన ఎంత దూరం పోగలదో 2010లో తెలిసింది. ఆ సంవత్సరం మార్చిలో దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు డొమైన్ పేర్ల సంస్థలో ఇంజనీర్లు ఒక వింత గమనించారు. స్వీడన్ సంస్థ నెట్‌నాడ్ నడిపే ఐ రూట్‌ను www.facebook.com గురించి అడిగితే అది నేరుగా ఒక అంకెల చిరునామా ఇస్తోంది. ట్విట్టర్, యూట్యూబ్ పేర్లకూ అంతే. ఆ చిరునామాలు తప్పు.

ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇప్పుడు తీయండి. రూట్ సర్వర్ ఎప్పుడూ వెబ్‌సైట్ చిరునామా చెప్పదు. ‘com సర్వర్లను అడుగు’ అని మాత్రమే అంటుంది. కాబట్టి చిరునామా సరైనదా కాదా అని పరీక్షించకముందే, అసలు చిరునామా రావడమే మధ్యలో ఎవరో కల్పించుకున్నారనడానికి రుజువు. దారి వెతికితే ఆ ప్రశ్నలు బీజింగ్‌లో ఉన్న ఐ రూట్ ప్రతి వైపు వెళ్తున్నాయని తేలింది. చైనాలో ఆ వెబ్‌సైట్లను అడ్డుకోవడానికి నెట్‌వర్క్ మధ్యలో తప్పుడు జవాబులు చొప్పించే ఏర్పాటు ఉంది. సర్వర్ తప్పు చేయలేదు. దానికి ప్రశ్న చేరే దారిలోనే, అసలు జవాబు రాకముందే, నకిలీ జవాబు పుట్టింది. నెట్‌నాడ్ బీజింగ్ నుంచి ప్రకటనను ఉపసంహరించుకుంది.

చిలీ ఎక్కడ, బీజింగ్ ఎక్కడ! పటం మీద చూస్తే ఇది అసంబద్ధం. రూటర్ల లెక్కలో మాత్రం ఆ రోజు చిలీలోని ఆ నెట్‌వర్క్‌కు బీజింగే ‘దగ్గర’. నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గర నిలబడితే మీ ఫోన్ ఏ ఒడ్డున ఉన్న టవర్‌ను పట్టుకుంటుందో చెప్పలేం కదా, ఇదీ అటువంటిదే. కాకపోతే అక్కడ తేడా నది వెడల్పంత, ఇక్కడ సగం భూగోళమంత. అదే సంవత్సరం జులైలో రూట్ జాబితాకు డిజిటల్ సంతకం పెట్టడం మొదలైంది. సంతకాన్ని సరిచూసుకునే రిజాల్వర్ అయితే, జవాబు ఏ ఊరినుంచి వచ్చినా అది అసలైన జాబితాలోనిదో కాదో తేల్చుకోగలదు.

దాడి వచ్చినప్పుడు

ఎనీకాస్ట్ ఏ పనికోసం వచ్చిందో ఆ పనిలో దాని పరీక్ష 2007 ఫిబ్రవరి 6న జరిగింది. దాదాపు ఎనిమిది గంటలపాటు కనీసం ఆరు రూట్ సర్వర్ల మీద దాడి సాగింది. గట్టిగా దెబ్బతిన్నవి జి, ఎల్ రెండే. ఆ రెండూ అప్పటికి ఎనీకాస్ట్‌కు మారలేదు. దాడి చేసే కంప్యూటర్లు ప్రపంచమంతా చెల్లాచెదురుగా ఉంటాయి. ఎనీకాస్ట్ ఉంటే ఒక్కో ప్రాంతపు దాడి ఆ ప్రాంతపు కేంద్రం మీదనే పడుతుంది, ఒక్కచోట పోగుపడదు.

2015 నవంబరు 30న వచ్చిన దాడి మరీ పెద్దది. దానికి గురైన ఒక్కో అక్షరం మీద సెకనుకు సుమారు 50 లక్షల ప్రశ్నలు వచ్చాయి. ఒకే చోట ఉన్న బి రూట్ తీవ్రంగా నలిగింది. అనేక చోట్లున్న అక్షరాలు మొత్తం మీద నిలిచాయి, అయినా వాటిలో కొన్ని కేంద్రాలు మునిగిపోయాయి. ఇటువంటప్పుడు కేంద్రాన్ని నడిపేవాడి ముందు రెండు దారులుంటాయి. ప్రకటన ఉపసంహరించుకుంటే ఆ ప్రాంతపు ప్రశ్నలన్నీ, మంచివీ చెడ్డవీ కలిసి, పక్క కేంద్రానికి వెళతాయి. అది తట్టుకోగలిగితే సరే, లేకపోతే అదీ మునుగుతుంది, ఆ తరువాత మరొకటి. రెండో దారి ఉపసంహరించుకోకుండా దెబ్బలు తింటూ నిలబడడం. అప్పుడు ఆ ఒక్క ప్రాంతపు జనానికి సేవ పోతుంది, మిగతా ప్రపంచం బతుకుతుంది. చెరువు కట్ట తెగబోతున్నప్పుడు ఎటువైపు గండి కొట్టాలన్న ప్రశ్న వంటిది ఇది. పక్క కేంద్రానికి ఎంత ఖాళీ ఉందో తెలియకుండా నిర్ణయించలేరు, దాడి మధ్యలో అది తెలుసుకోవడమూ కష్టమే.

కంటెంట్ నెట్‌వర్కులు

రూట్ సర్వర్ల పని సులువు. ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతటితో సరి. వెబ్‌పేజీ అలా కాదు. ఒక కనెక్షన్ ఏర్పడుతుంది, దానిమీద వందల పొట్లాలు వస్తాయి. మధ్యలో దారి మారి తరువాతి పొట్లం వేరే ఊరి సర్వర్‌కు వెళితే, ఆ సర్వర్ ‘నువ్వెవరు?’ అంటుంది, కనెక్షన్ తెగిపోతుంది. ఈ భయంతో చాలాకాలం వెబ్‌పేజీలకు ఎనీకాస్ట్ పనికిరాదనే అనుకున్నారు. ఆచరణలో చూస్తే దారులు అంత తరచుగా మారవు, చాలా కనెక్షన్లు కొద్ది సెకన్లలో ముగిసిపోతాయి. 2010లో మొదలైన క్లౌడ్‌ఫ్లేర్ తన వెబ్ సేవనంతా ఎనీకాస్ట్ మీదనే కట్టింది. 1998 నుంచి ఉన్న అకమాయ్ ప్రధానంగా మరో దారి పట్టింది. అడిగిన రిజాల్వర్ ఎక్కడుందో చూసి, దానికి దగ్గరి సర్వర్ చిరునామాను డీఎన్‌ఎస్ జవాబులోనే ఇస్తుంది. మీ రిజాల్వర్ మీకు దూరంగా ఉంటే ఆ పద్ధతి పొరబడుతుంది. ఎనీకాస్ట్ అక్కడ పొరబడదు, వేరే చోట పొరబడుతుంది.

ఎంత తరచుగా? మైక్రోసాఫ్ట్ వారి బింగ్ సర్వర్లను పరిశీలించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, సుమారు 20 శాతం మందికి ఎనీకాస్ట్ చూపిన సర్వర్ కంటే మెరుగైనది మరొకటి ఉంది. కారణం మీకు ఇప్పటికే తెలుసు. కంటెంట్ నెట్‌వర్క్ హైదరాబాదులో సర్వర్ పెట్టిందనుకోండి. మీ ఇంటర్నెట్ కంపెనీ మాత్రం ఆ నెట్‌వర్క్‌తో ముంబయిలోనే తీగ కలిపింది. మీ ప్రశ్న ముంబయి వెళుతుంది. పక్క వీధి సర్వర్ ఖాళీగా కూర్చుంటుంది.

2017లో ఈ రెండు కథలూ కలిశాయి. ఎఫ్ రూట్ ప్రతులను క్లౌడ్‌ఫ్లేర్ తన కేంద్రాల్లో కూడా నడపడం మొదలుపెట్టింది. పదమూడు అక్షరాలూ కలిపి ఇప్పుడు ప్రపంచంలో రూట్ సర్వర్ ప్రతులు 1,500కు పైగా ఉన్నాయి.

ఉపసంహరణ ఎంత ప్రమాదకరమో చూపిన సంఘటన 2021 అక్టోబరు 4న జరిగింది. ఫేస్‌బుక్ నేమ్ సర్వర్లు కూడా ఎనీకాస్ట్‌తోనే ప్రకటించుకుంటాయి. వాటిలో ఒక భద్రతా నియమం పెట్టారు. ఏదైనా కేంద్రం తమ ప్రధాన డేటా సెంటర్లతో సంబంధం కోల్పోతే, అది రోగగ్రస్తమైందని భావించి తన ప్రకటనను తానే ఉపసంహరించుకోవాలి. ఒక కేంద్రం చెడితే ఇది చక్కని నియమం, ప్రశ్నలు పక్క కేంద్రానికి పోతాయి. ఆ రోజు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం డేటా సెంటర్లను కలిపే లోపలి నెట్‌వర్క్‌నే మొత్తంగా తెంపేసింది. అప్పుడు ప్రతి కేంద్రమూ డేటా సెంటర్లు అందడం లేదని గ్రహించి, ‘నేను జబ్బుపడ్డాను’ అనుకుని తప్పుకుంది. అన్నీ ఒకేసారి తప్పుకున్నాయి. నేమ్ సర్వర్ యంత్రాలు నిక్షేపంగా పనిచేస్తూనే ఉన్నాయి, వాటికి దారి చెప్పేవాళ్లు లేరు. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటలపాటు ప్రపంచం నుంచి మాయమయ్యాయి.

మీరే చూడండి

ఇక మీ ఇంట్లో చేయదగిన ప్రయోగం ఒకటి. లినక్స్ ఉన్న కంప్యూటరులో ఈ ఆదేశం ఇవ్వండి:

```
dig @192.5.5.241 hostname.bind chaos txt +short
ping 192.5.5.241
```

మొదటి వరుస, జవాబిస్తున్న ప్రతి పేరును అడుగుతుంది. ఆ పేరులో సాధారణంగా విమానాశ్రయాల మూడక్షరాల సంకేతం కనిపిస్తుంది. చెన్నైకి MAA, ముంబయికి BOM, హైదరాబాదుకు HYD. రెండో వరుస, వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని మిల్లీసెకన్లలో చూపుతుంది. పేరును ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు, కాంతి వేగాన్ని మార్చలేరు. ఒక మిల్లీసెకనుకు వంద కిలోమీటర్లకు మించిన దూరం సాధ్యం కాదు. 8 మిల్లీసెకన్లలో జవాబు వస్తే ఆ సర్వర్ మీకు 800 కిలోమీటర్ల లోపే ఉంది, అది కాలిఫోర్నియా కానే కాదు. ఈ సూత్రం వెనక్కి పనిచేయదు సుమా. 70 మిల్లీసెకన్లు వస్తే సర్వర్ దూరంగా ఉందని తీర్పు చెప్పకండి, దగ్గరి సర్వర్‌కే మీ పొట్లం చుట్టుదారిలో వెళ్లి ఉండవచ్చు. అప్పుడు traceroute ఆదేశంతో మధ్యలోని రూటర్లను ఒక్కొక్కటిగా చూడండి. వేరే కంపెనీ కనెక్షన్ ఉన్న స్నేహితుడి ఇంట్లో కూడా ఇదే ప్రయోగం చేయండి. ఇద్దరి ఇళ్లూ ఒకే వీధిలో ఉన్నా జవాబిచ్చిన ఊళ్లు వేరు కావచ్చు.